చి. ఆద్య ప్రథమ జన్మదినోత్సవ ఆహ్వానం

బంధుమిత్రులకు నమస్కారములు.

శ్రీ వేంకటేశ్వరస్వామి దయవల్ల మా కుమార్తె చి. ఆద్యకు ఏడాది నిండుతున్న శుభసందర్భమున, స్వస్తిశ్రీ పరాభవ నామ సంవత్సరం కార్తీక మాసం శుక్ల పక్షమున, అనగా 2026 నవంబరు 22వ తేదీ ఆదివారం, తెనాలి గంగానమ్మపేటలోని మా స్వగృహమున అబ్దపూర్తి వేడుక జరుపుటకు పెద్దలు నిశ్చయించినారు.

ఉదయం 7 గంటలకు నువ్వుల నూనె, శనగపిండితో నలుగుపెట్టి పాపకు మంగళస్నానం చేయించి, అమ్మమ్మ తెచ్చిన పట్టు పరికిణీ కట్టిస్తాము. 8 గంటలకు గణపతి పూజతో ఆయుష్య హోమం ప్రారంభమవుతుంది. 10:30 గంటలకు పూర్ణాహుతి, ఆ వెంటనే అక్షతలతో ఆశీర్వచనం, మంగళహారతి ఉంటాయి. దూరం నుంచి వచ్చేవారు హోమానికి అందుకోలేకపోయినా, ఆశీర్వచన సమయానికి తప్పక చేరుకోవలసిందిగా మా ప్రత్యేక మనవి; మీ చేతి అక్షతలు పాప తలపై పడాలన్నదే మా కోరిక. మధ్యాహ్నం 12 గంటల నుంచి విందు. కార్తీక మాసం కనుక ఉల్లి, వెల్లుల్లి లేకుండా వండిస్తున్నాము.

కానుకలు తేవద్దని, సకుటుంబంగా విచ్చేసి మా చిన్నారిని దీవించాలని ప్రార్థన.

ఇట్లు,
శ్రీనివాస్, లావణ్య