చెంబుడు కృష్ణమ్మ
(కృష్ణా పుష్కరాలు, 2016 ఆగస్టు. పద్మావతి ఘాట్, విజయవాడ)

తల్లీ కృష్ణవేణీ,
గురుడు కన్యారాశిలో అడుగుపెట్టాడని
పంతులుగారు చెప్పకముందే
మా కృష్ణలంక సందులకి తెలిసిపోయింది.
చీకటితోనే తడిచీరలు నడుస్తున్నాయి,
మెట్ల మీద పసుపునీళ్లు జారుతున్నాయి.

పన్నెండేళ్ల కిందట, 2004లో,
ఈ మెట్ల మీదే నాయనమ్మ నా జబ్బ పట్టుకుని
"ముక్కు మూసుకోవే, నేనున్నాగా" అంది.
ఇవాళ ఆవిడ మా నాన్న దోసిట్లో ఉంది,
నువ్వులు కలిపిన అన్నం ముద్దగా.
మెల్లిగా తీసుకో అమ్మా,
ఆవిడకి చన్నీళ్లు పడవు.

మహాబలేశ్వరం కొండ మీద
రాతి ఆవు నోట సన్నటి ధారగా బయల్దేరి,
తుంగభద్రని వెంటబెట్టుకుని,
శ్రీశైలం మల్లన్న కొండ కింద లోయలో ఒదిగి,
సాగర్ గోడ దగ్గర ఆగి, ఆగి,
ఇంద్రకీలాద్రి అమ్మవారి పాదాల దగ్గరికి
చేరేసరికి ఎంత అలిసిపోయావో.
అడుగడుక్కీ ఆపింది మేమే,
ఇంకా రాలేదేమని అడిగేదీ మేమే.

ఈసారి నీళ్లు చాలతాయో లేదోనని ఊరంతా టెన్షన్.
పట్టిసీమలో మోటార్లు తోడితే
గోదారమ్మ కాలువ దారి పట్టి
ఫెర్రీ దగ్గర నీ చెయ్యి అందుకుంది.
ఏ చెంబులో ఎవరెంతో మాకెందుకులే!
మొదటి మునక నీకు, రెండోది ఆవిడకి.
అక్కడే ముక్కులోకి నీళ్లు పోయి
చదువుతున్న శ్లోకం మర్చిపోయాను.
మూడోది దగ్గుతూనే మునిగాను,
లెక్కలో వేసుకో తల్లీ.

బ్యారేజీ రాయి మీద నీరుకాకి
రెక్కలు రెండూ చాచి నిలబడింది,
తడి ఆరబెట్టుకుంటోందో, నీకు దండం పెడుతోందో.
అవతల లంకల్లో గాలికి రెల్లు వంగుతోంది.
డెబ్బై గేట్ల వెనక నిండుగా నిలిచి
బందరు కాలువలోకి, ఏలూరు కాలువలోకి,
అటు గుంటూరు వైపు కొమ్మమూరు కాలువలోకి
నువ్వు దిగితేగదా
డెల్టాలో నాటిన వరి వేరు పట్టేది,
సంక్రాంతికి మా గిన్నెలో పొంగలి పొంగేది.
దానికీ దండం.

ఒకటి చెప్పక తప్పదు.
2009 అక్టోబరులో పిలవకుండానే
మా గడప దాటి లోపలికొచ్చావు.
బియ్యం డబ్బా తేలింది, మంచాలు తడిశాయి,
నిన్ను తిట్టుకున్నాం కూడా.
నువ్వు వెళ్లాక గోడ మీద మిగిలిన మట్టిగీతకి
నాయనమ్మ సున్నం వేయనివ్వలేదు.
"ఇంటికొచ్చిన ఆడపడుచు గుర్తురా" అని
దాని మీద వరసగా కుంకుమ బొట్లు పెట్టింది.
తిట్టినందుకు మన్నించు.
వచ్చినందుకు కాదు గానీ,
వెళ్లిపోయినందుకు మాత్రం దండం.

పసుపూ కుంకుమా, రవికెల గుడ్డా నీళ్లలో వదిలాను.
అరటి దొప్పలో దీపం
రెండుసార్లు మెట్టుకి తగిలి వెనక్కొచ్చింది,
మూడోసారి నువ్వే తీసుకెళ్లావు.

నాయనమ్మ రాగిచెంబుతో
నిన్ను కాస్త ఇంటికి తీసుకెళ్తున్నా అమ్మా.
ఆ గీత కిందే పీట వేసి కూర్చోబెడతాను.