బంగారం మీద అప్పా, పొలం మీద అప్పా: ఏది మేలు?

అయ్యా, నమస్కారం. మాది కందుకూరు దగ్గర పల్లె. పొగాకు సాగే మా జీవనాధారం. మొన్నటి గాలివానకు పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ పైకప్పు రేకులు లేచిపోయి, ఒక పక్క గోడ బీటలువారినందున, ఆకు కోతకు వచ్చేలోపే బాగుచేయించక తప్పదు. ఒక బ్యాంకువారు బంగారం మీద, మరొకరు పొలం దస్తావేజులు పెట్టుకుని అప్పు ఇస్తామంటున్నారు. బంగారమంటే మా అమ్మగారి నానుతాడు, నాలుగు గాజులే. కట్టలేకపోతే అవి వేలానికి పోతాయని ఆమెకు దిగులు. పొలం కాగితాలు గడప దాటడానికి నాన్నగారు ససేమిరా ఒప్పుకోవడం లేదు. పొగాకు వేలంలో అమ్ముడుపోయాకగానీ డబ్బు చేతికి రాదు కనుక, నెలనెలా కట్టడం మాకు కష్టం. ఈ ఇద్దరి దగ్గరా వడ్డీ కాస్త అటూ ఇటూగానే ఉంటుందన్నారు. ఈ రెండింటిలో ఏ రుణం మంచిదో దయచేసి తెలియజేయగలరు.