బాకీ చిల్లర

(మా అమ్మ బాపుల ముప్పై ఏండ్ల పెండ్లిరోజు పాట. పాడెటోళ్లు: పెద్దబిడ్డ, కొడుకు, చిన్నబిడ్డ. డప్పు మామది. పల్లవి అందరిది, గొంతు లేనోళ్లు సప్పట్లు కొట్టాలె. "మాట" అని రాసిన కాడ డప్పు ఆపాలె, మామా, నీకే చెప్పేది.)

సాకి (ముగ్గురు, నిమ్మళంగ)

కొమురెల్లి మల్లన్న పేరు మోసినోడు, మా బాపు కొమురయ్య
మేడారం తల్లికి మొక్కితె పుట్టింది, మా అమ్మ సమ్మక్క
దేవుండ్ల పేర్లు రెండు ఒక్కింట్ల జేరినయ్
కొట్లాటలు గూడ గదే లెక్కన జరిగినయ్!

పల్లవి (డప్పు అందుకోవాలె)

రైట్ రైట్ అను బాపూ, బండి కదలనీ
ముప్పై ఏండ్ల తొవ్వ ఇంకోసారి తిరగనీ
ఊరందరికి సీటు సూపి నిలవడ్డ బాపూ
అమ్మ పక్క సీటు కాలి, జర కూసో ఈ మాపు!

చరణం (పెద్దబిడ్డ)

పాకాల తొవ్వల మా అమ్మమ్మ ఊరు
మాపటి బస్సొస్తె పోరగాండ్ల హోరు
నైట్ హాల్ట్ బండది, పొద్దుగాల పోవాలె
కండక్టర్ పిలగానికి పండ జాగ గావాలె
పంచాయితాఫీసు అరుగు మీద దుప్పటి పరిసి
మంచినీళ్లకని పోయినవ్ తాత ఇల్లు దెలిసి
నీళ్లడిగినోనికి సల్ల దెచ్చి ఇచ్చింది
సల్ల దాగినంక గూడ దూప తీరకుంటొచ్చింది

(కోరస్) ఎట్ల తీరలే బాపూ, ఎట్ల తీరలే?
తెల్లారి బస్సు తీసినా కండ్లు మాత్రం కదలలే!

మాట (కొడుకు)

తాత అడిగిండట, "పిలగా, నౌకరి పర్మినెంటా?" అని. బాపు అన్నడట, "నౌకరి పర్మినెంటే మామా, ఇంటికొచ్చే టైమే పర్మినెంట్ కాదు." పిల్లనిస్తనని తాత ఇంక అననే లేదు, అప్పుడే మామ అన్నడు. గది మా బాపు స్పీడు. బస్సు స్పీడు గురించి నేను మాట్లాడ, డ్రైవర్ కాకలు ఈన్నే ఉన్నరు.

చరణం (చిన్నబిడ్డ)

తొంభై ఆరు ఎండకాలం, వాకిట్ల పందిరి
మామిడాకుల తోరణం, సుట్టాల సందడి
మైలపోలు దీసిన్రు, బాసింగం గట్టిన్రు
తలువాల బియ్యం కోసం ఇద్దరు కొట్లాడిన్రు
డిపో దోస్తులందరు హారన్లు గొట్టంగ
పెండ్లిబండి గదిలింది అమ్మమ్మ ఏడ్వంగ
గడప మీద ఆపిన్రు మా మేనత్తలిద్దరు
"మొగని పేరు జెప్పు పిల్లా, జెప్తెనే లోపలికి" అన్నరు

సిగ్గువడ్డది అమ్మ, నోరు మెదపలే
ఆనాడు జెప్పలే, ఈనాటి దాక జెప్పలే
"ఇగో" అంటది, "ఓ అయ్యా" అంటది
మస్తు కోపమొస్తె "పెద్దదాని బాపూ" అంటది!

(పల్లవి)

చరణం (పెద్దబిడ్డ. ఇక్కడ డప్పు సన్నగ)

మూడు గొట్టంగ లేస్తివి అమ్మా, పొయ్యి ముట్టిస్తివి
జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం డబ్బల వెడ్తివి
ఉప్పెక్కువైందా అని నాలిక మీదేసి జూస్తివి
బాపు మూల మలిగేదాక వాకిట్ల నిలిస్తివి

పదకొండయింది రాతిరి, గేటు సప్పుడు గాలే
తోలు సంచిల చిల్లర మోత మూల కాడ ఇనరాలే
మేము దిని పండుకున్నం, నువ్వు పండలే తల్లీ
ఒక్కదానివి దినలే, కూర ఎచ్చజేస్తివి మల్లీ

బాపు ఇంట్ల అడుగువెడితె మేము నిద్రల
మేము కండ్లు దెరిసెసరికి బాపు బస్సుల
పండుకున్న మమ్ములను జానతోటి గొలిసి
"అబ్బ, ఎంతెత్తు పెరిగిన్రే" అని మురిసి మురిసి
పొద్దుగాల లేసినంక అమ్మ జెప్పెటిది
ఆ జానల లెక్క అమ్మ నోటనే ఉండెటిది

మాట (చిన్నబిడ్డ)

అందరి ఇండ్లల్ల దసరా అంటే కొత్త బట్టలు. మా ఇంట్ల దసరా అంటే స్పెషల్ బస్సులు. సంక్రాంతి అంటే స్పెషల్ బస్సులు. ఐనోలు మల్లన్న జాతర, స్పెషల్ బస్సులు. మా బడిల మేడం "పండుగ" మీద పది వాక్యాలు రాయమంటే నేను డ్యూటీ చార్ట్ రాసిన.

చరణం (కొడుకు, డప్పు మెల్లగ మొదలువెట్టి పెంచాలె)

సద్దుల బతుకమ్మ ముంగట సమ్మె మొదలాయె
తోలు సంచి చిలుక్కొయ్యకు ఒంటరిగ ఏలాడె
జీతం లేదు, డ్యూటీ లేదు, బాపు మొకం సిన్నవోయె
అమ్మ కుట్టు మిషను మాత్రం అర్ధరాత్రి దాటిపాయె
జాకెట్లు కుట్టెను, చీరెలకు ఫాల్ కుట్టె
సకినాల ఆర్డరుకు కొత్త బియ్యం నానవెట్టె
నువ్వులు, వాము గలిపి పిండి ముద్ద జేస్తుంటె
"నాకు గూడ నేర్పు" అని బాపు వచ్చి గూసునె
సుట్టిండయ్యో సకినము, అది గుండ్రమెక్కడిది?
ములుగు రోడ్డు గుంతలన్ని దాని మీదున్నయి!
అమ్మ నవ్వె, పిండి సేత్తో కొంగు అడ్డమువెట్టి నవ్వె
ఆ దినాలల్ల మా ఇంట్ల మొదటిసారి ఇల్లు నవ్వె

మాట (పెద్దబిడ్డ)

2019 అది. 52 రోజులు. పైసలకు తిప్పలయింది, నేను కాదనను. కిరాణం షాపుల మన పేరు మీద ఖాతా నిండింది. కానీ మా అమ్మ మొన్న నాతోని ఒక మాట అన్నది: "పెండ్లయినంక మీ బాపు నేను పొద్దుమాపు ఒక్క కంచం కాడ గూసున్నది అప్పుడేనే." ఇది బాపుకు చెప్పొద్దన్నది. మైకుల చెప్పొద్దని మాత్రం అనలే.

(పల్లవి, గట్టిగ)

చరణం (ముగ్గురు)

రెండేండ్లకొక్కసారి మాఘంల జాతర వస్తది
బండెనక బండి గట్టి మేడారం తొవ్వ నిండుతది
అమ్మకేమొ తల్లి పేరు, బాపుకేమొ జాతర డ్యూటీ
నాలుగొద్దుల జాతరల ఇద్దరి నడుమ రేకుల లైన్లేటి!
పెద్దబిడ్డ పుట్టినంక ఎత్తు బెల్లం జోకిచ్చి
జంపన్నవాగుల మునిగి గద్దెకు బంగారం ఇచ్చి
ప్రసాదం కొంగున గట్టి బస్సు బస్సు దేవులాడె
మంది నడుమ గొంతు ఇని బాపు కాడికి ఉరుకులాడె
టికెట్లు గొట్టుకుంట బాపు తలకాయెత్తలే
"లైన్ల రావాలె తల్లీ" అన్నడు, పెండ్లాన్ని గుర్తువట్టలే!

(కోరస్) గుర్తువట్టలే బాపు, గుర్తువట్టలే
నాలుగొద్దులు ఇంట్ల మాకు మంచి కూర పుట్టలే!

మాట (కొడుకు)

ఇంకోటి. 2023 డిసెంబర్ల ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయింది గదా. అమ్మ హన్మకొండ చౌరస్తాల ఎక్కింది, చూస్తే బాపు బండే. బాపు దగ్గరికొచ్చి అన్నడట, "ఆధార్ కార్డు చూపెట్టాలమ్మా." బస్సంత నవ్వు. అమ్మ గూడ తక్కువ తినలే. కార్డు తీసి, వేలు పెట్టి చూపిచ్చింది: "ఈడ మొగని పేరు రాసి ఉన్నది, చదువుకో." చూసిన్రా, చదువుకోమన్నది గని నోటితో చెప్పలే! జీరో టికెట్ కొట్టిచ్చిండు బాపు. ఆ టికెట్ ఇప్పటికీ అమ్మ పోపుల డబ్బల ఉన్నది. ఎందుకు దాసినవంటే, "లెక్క కోసం" అంటది.

చరణం (పెద్దబిడ్డ అడగాలె, అందరు "రాయి బాపూ" అనాలె)

చిల్లర లేకుంటె టికెటెనక రాస్తవు
"దిగేటప్పుడు దీస్కో" అని నిమ్మళంగ జెప్తవు
ఊరి బాకీ రూపాయి సుత ఉంచుకోని బాపూ
అమ్మ బాకీ ఎంతయిందో రాసి సూపు ఈ మాపు

జమ్మి ఆకు ఇద్దరు కలిసి తెంపిన దసర లేదు (రాయి బాపూ)
ఇంటర్వెల్ల లేవకుండ సూసిన సినిమ లేదు (రాయి బాపూ)
భద్రకాళి చెరువు గట్టున నడిసిన సందె లేదు (రాయి బాపూ)
జరమొచ్చి పండితె గూడ సెలవు దొరికినది లేదు (రాయి బాపూ)
రామప్ప గుడి కాడ ఎందరిని దింపినవు
రాతి గుళ్లె బొమ్మలను దూరంకెళ్లి సూసినవు
ఎనిమిది వందలేండ్లాయె ఆ గుడి నిలవడి
నీ సెలవు కోసమే ఉన్నట్టున్నది కనవడి!

కసురుకోకు బాపూ, మేము తప్పు వట్టలే
నువ్వు నిలవడ్డ కాళ్ల మీదనే మేము గూసుంటిమి
నీ నౌకరిల సగం అమ్మ మెలుకువ ఉన్నది
అమ్మ మిషన్ల సగం నీ ఎదురుసూపు ఉన్నది

మాట (చిన్నబిడ్డ)

అయితే పిల్లలుగ మేం ముగ్గురం కూడబలుక్కొని గిఫ్ట్ తెచ్చినం. వచ్చే ఆదివారం హన్మకొండ బస్టాండు నుంచి రామప్ప. బాపు సెలవు మేమే డిపోల అడిగి రాయించినం. కిటికీ పక్క అమ్మ, ఆ పక్క బాపు. బాపుకు స్టాఫ్ పాసు, అమ్మకు జీరో టికెట్. మాకు ఖర్చు పైసా గాలే. (అన్నా, నవ్వకు, పాట అయిపోలే.) అందుకే ఆ పైసలతోని అమ్మకు పట్టుచీర, బాపుకు అంచుధోతి తెచ్చినం, ఇగో.

చివరి చరణం (డప్పు దంచాలె, అందరు లేవాలె)

ఆదివారం బండిల బాపూ, సంచి మోయొద్దు
పక్కోడు టికెట్ కొడ్తుంటె లెక్క అడగొద్దు
"జరుగుండ్రి, లోపలికి జరుగుండ్రి" అని అరవొద్దు
అమ్మ నిద్రవోతె భుజం మాత్రం కదపొద్దు
సద్ది నువ్వు గట్టకమ్మా, మేమే గట్టిస్తం
సర్వపిండి, పచ్చిపులుసు పొద్దుగాలే దెస్తం
మీరు మల్లొచ్చేదాక ఇల్లు మేము గాస్తం
పదకొండయితె గేటు కాడ మేము నిలవడి సూస్తం!

దండలు మార్సుకోండ్రి, సప్పట్లు మోగనీ
మామ డప్పు పగిలినా సరే, ఆట ఆగనీయం గనీ
అమ్మా, ఆనాటి గడప బాకీ ఇంక తీరలేదు
మొగని పేరు జెప్తెనే దావతు మొదలైతది నేడు!

(కోరస్, అమ్మ చుట్టు తిరుగుకుంట)
జెప్పాలె జెప్పాలె, అమ్మ పేరు జెప్పాలె
మటన్ సల్లారినా సరే, నోరిప్పి జెప్పాలె!
"ఇగో" అంటె నడ్వది, "ఓ అయ్యా" నడ్వది
మేనత్తలు గడప కాడ ముప్పై ఏండ్ల సంది నిలవడ్డరు!

(అమ్మ చెప్పేదాక కోరస్ ఆపొద్దు. చెప్పంగనే మామ డప్పు మీద మూడు దెబ్బలు, బాపు విజిల్ ఊదాలె. విజిల్ అన్న జేబుల ఉన్నది.)