పెద్దనాన్నకు: జూన్ నెల కరెంట్ ఖాతా స్టేట్‌మెంటు వివరం

పెద్దనాన్నా,

కర్నూలు నుంచి మీరు పంపిన కాగితం చదివాను. ముందుగా ఒక్క మాట: నిల్వ పక్కన "Dr" అని ఉంటే అది మీ సొమ్ము కాదు, మీరు బ్యాంకుకు బాకీ ఉన్న మొత్తం. ఖాతాలో డబ్బు లేకున్నా బ్యాంకు వాడుకోనిచ్చే అప్పే ఓవర్‌డ్రాఫ్ట్; మీకు దాని పరిమితి రూ.1,50,000, వడ్డీ ఏడాదికి 12 శాతం.

జూన్ 1 నుంచి 10 వరకు పరిమితి మొత్తం వాడేశారు. 11న ఉల్లి డబ్బు రూ.70,000 కట్టాక బాకీ రూ.80,000కు దిగి, నెలాఖరు వరకు అలాగే ఉంది. వడ్డీని ఏ రోజు బాకీపై ఆ రోజుకే లెక్కిస్తారు:

1,50,000 × 10 రోజులు = 15,00,000
80,000 × 20 రోజులు = 16,00,000
31,00,000 × 12 ÷ 100 ÷ 365 = రూ.1,019

30వ తేదీన "INT DR" అని ఉన్నది ఇదే. లెక్క సరిగ్గానే ఉంది.

"CHQ RTN CHG" రూ.590 వడ్డీ కాదు. గోనె సంచులకు మీరిచ్చిన రూ.18,000 చెక్కు 9న వచ్చింది. పరిమితిలో చోటు లేక వెనక్కి పోయింది. అందుకు రుసుము రూ.500, దానిపై 18 శాతం జీఎస్టీ రూ.90. వడ్డీపై జీఎస్టీ ఉండదు. ఈ రెండూ కలిపితే ముగింపు బాకీ రూ.81,609.

నాకు బాధ కలిగించింది ఒకటే. ఆ ఉల్లి డబ్బు 6వ తేదీకే మీ చేతికొచ్చిందని పెద్దమ్మ చెప్పింది. ఆ రోజే కట్టి ఉంటే ఆ రూ.70,000 మీద ఐదు రోజుల వడ్డీ రూ.115 తగ్గేది, చెక్కు కూడా చెల్లేది. సంచుల వ్యాపారికి ఫోను చేసి, ఆ సొమ్ము రేపే పంపండి.