రాజ్యాంగ చట్టం మోడల్ పేపర్: ఆంక్ష సహేతుకమా, కాదా (జవాబుల నోట్‌తో)

ఎల్‌ఎల్‌బీ, సాయంత్రం బ్యాచ్, కర్నూలు
సమయం: 2 గంటలు. మార్కులు: 50

అన్ని ప్రశ్నలూ రాయాలి. బేర్ యాక్ట్ దగ్గర పెట్టుకోవచ్చు, నోట్స్ వద్దు. తీర్పు పేరు గుర్తుకు రాకపోతే ఆ కేసులో ఏం జరిగిందో రాయండి, మార్కు పోదు. పేరు మాత్రం రాసి, సంగతి రాయకపోతే పోతుంది. మొదటి ప్రశ్నకు గంట ఉంచుకోండి.

ప్రశ్న 1 (22 మార్కులు)

తొలకరి పడగానే తుగ్గలి, మద్దికెర మండలాల చేన్లలో వజ్రాలు వెతకడానికి ఎక్కడెక్కడి జనమో దిగడం మీకు తెలిసిందే. కింద చెప్పిన ఉత్తర్వు, సంఘటనలు కల్పితం.

ఈ ఏడాది మూడు ఊళ్ల చేన్లలో జనం తిరిగి చెనక్కాయ మొలకలు తొక్కేశారని రైతులు ఫిర్యాదు చేశారు. కొందరు రైతులేమో తలకు ఇంత అని డబ్బు తీసుకుని తమ చేన్లలోకి రానిస్తున్నారు. వెతుకుతుండగా పిడుగు పడి ఒక కూలీ చనిపోయాడు. రాయి ఎవరిదన్న తగాదాలో ఇద్దరికి దెబ్బలు తగిలాయి, కేసు నమోదైంది. ఆర్డీఓ జూన్ 5న బీఎన్‌ఎస్‌ఎస్ 163వ సెక్షన్ కింద ఉత్తర్వు ఇచ్చారు. అందులో నాలుగు నిషేధాలున్నాయి.

(అ) ఈ మూడు ఊళ్ల ఓటర్ల జాబితాలో లేనివాళ్లెవరూ ఊరి పొలిమేర దాటి లోపలికి రాకూడదు.
(ఆ) ఐదుగురు, అంతకు మించి ఒకచోట చేరకూడదు.
(ఇ) దొరికిన రాళ్లను కొనడం, అమ్మడం చేయకూడదు.
(ఈ) రాళ్లు దొరికిన వీడియోలు, వార్తలు సోషల్ మీడియాలో పెట్టకూడదు.

ఉత్తర్వు సెప్టెంబర్ 30 దాకా అమల్లో ఉంటుంది. కారణంగా రాసింది ఒక్క వాక్యం: 'శాంతిభద్రతల దృష్ట్యా'. బళ్ళారి నుంచి వచ్చిన కూలీ దంపతులు, డబ్బు తీసుకుని చేను తెరిచిన ఒక రైతు, ఊళ్లోని యూట్యూబర్, రాళ్లు కొనే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ కలిసి హైకోర్టులో రిట్ వేశారు. మీరే బెంచి మీద ఉంటే ఏ నిషేధం నిలుస్తుంది, ఏది పోతుంది? ఒక్కోదానికి వేరువేరుగా కారణాలు రాయండి.

ప్రశ్న 2 (10 మార్కులు)

విజయదశమి రాత్రి దేవరగట్టు బన్ని ఉత్సవంలో కర్రలతో తలపడటం, తలలు పగలడం మామూలే. ఇనుప రింగులు తొడిగిన కర్రలు తేకూడదని, చుట్టుపక్కల మద్యం షాపులు రెండు రోజులు మూసేయాలని, పదేళ్ల లోపు పిల్లలను కొండ మీదికి తీసుకురాకూడదని కలెక్టర్ ఆదేశించారనుకోండి. ఇది తరతరాల ఆచారమని భక్తులు, వ్యాపారం పోతోందని షాపు యజమాని కోర్టుకెక్కారు. తేల్చండి.

ప్రశ్న 3 (10 మార్కులు, ఒక్కోటి 5)

(అ) అనంతపురం టవర్ క్లాక్ దగ్గర ఇరవై తోపుడుబండ్లను మున్సిపల్ సిబ్బంది ఒక పొద్దున తీసేశారు. నోటీసు లేదు, 'సార్ చెప్పారు' అన్నారు అంతే. అక్కడ ట్రాఫిక్ ఇబ్బంది ఉన్న మాట నిజమే.

(ఆ) కడప ఏడురోడ్ల కూడలిలో సభ పెట్టాలంటే అనుమతి కావాలని, 'అధికారికి ఉచితమని తోస్తే' ఇవ్వవచ్చని ఒక నిబంధన ఉంది. మూడుసార్లు అడిగిన సంఘానికి మూడుసార్లూ కారణం చెప్పకుండా తిరస్కరించారు.

ప్రశ్న 4 (8 మార్కులు)

బొంబాయిలో అచ్చయ్యే 'క్రాస్ రోడ్స్' వారపత్రికను తన హద్దుల్లోకి రాకుండా మద్రాసు రాష్ట్రం నిషేధిస్తే, 1950లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. అప్పటికి కర్నూలు, అనంతపురం, కడప కూడా మద్రాసు రాష్ట్రంలోనివే. మరుసటి ఏడాది మొదటి సవరణ వచ్చి 19(2)ను మార్చింది. ఆ మార్పు పౌరుడికి మేలు చేసిందా, కీడు చేసిందా? ఒకటిన్నర పేజీ మించొద్దు.

జవాబుల నోట్

మొదటి ప్రశ్నకు చాలామంది 'ఉత్తర్వు సహేతుకం కాదు, కొట్టేయాలి' అని ఒకే ముక్కలో తీర్పు చెప్తారు. ప్రశ్నలో 'వేరువేరుగా' అని ఊరికే రాయలేదు. నాలుగు నిషేధాలు నాలుగు వేర్వేరు హక్కుల మీద పడుతున్నాయి. ఒక్కో హక్కుకు ఎదురుగా రాజ్యాంగం ఒప్పుకునే కారణాల జాబితా వేరు. ఆంక్ష ఎంత మంచిదైనా, దాని కారణం ఆ జాబితాలో లేకపోతే సహేతుకమా కాదా అన్న మాట దాకా వెళ్లే పనే లేదు.

ముందు గడువు చూడండి. 163 కింద మేజిస్ట్రేట్ ఇచ్చే ఉత్తర్వు రెండు నెలలకు మించి ఉండదు. ఆ పైన పొడిగించాలంటే రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వాలి. జూన్ 5 నుంచి సెప్టెంబర్ 30 అంటే దాదాపు నాలుగు నెలలు. బేర్ యాక్ట్ చేతిలో పెట్టింది ఇందుకే. తర్వాత పిటిషనర్లను చూడండి. 19 పౌరులకే. కంపెనీ పౌరుడు కాదని 1963లో విశాఖపట్నం కమర్షియల్ టాక్స్ ఆఫీసర్ మీద స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ వేసిన కేసులోనే తేలింది. కంపెనీతో పాటు ఒక వాటాదారు కూడా రిట్‌లో చేరి ఉంటే కథ వేరు.

(అ) ఒకరి చేనులోకి వాళ్ల ఇష్టం లేకుండా దిగే హక్కు 19(1)(డి) ఎవరికీ ఇవ్వదు. కూలీ దంపతుల వాదన అక్కడికి బలహీనమే. అయితే ఉత్తర్వు చేన్ల దగ్గర ఆగలేదు, పొలిమేర దాకా వెళ్లింది. ఓటర్ల జాబితాలో లేనివాళ్లంటే పుట్టింటికొచ్చిన ఆడబిడ్డ, పక్కూరి నుంచి కలుపు తీయడానికొచ్చిన కూలీ, పద్దెనిమిది నిండని ఊరి పిల్లలు కూడా. డబ్బు తీసుకుని తన చేను తానే తెరిచిన రైతునూ ఇది కట్టేసింది. 19(5) కింద ప్రజాప్రయోజనం ఉంది, కాదనలేం: పంట పోతోంది, మనిషి చనిపోయాడు. అడ్డుకోవాల్సింది రైతు ఒప్పుకోని చేన్లలోకి దిగడాన్ని, ఉరుములున్నప్పుడు బయలులో తిరగడాన్ని. అంతవరకే కుదించి ఉంటే నిలిచేది.

ఇక్కడ చింతామణ్‌రావు కేసు రాయనివాళ్లకు పూర్తి మార్కులు రావు. సాగర్ జిల్లా ఊళ్లలో వ్యవసాయ సీజనులో కూలీలు దొరకాలని బీడీలు చుట్టడాన్నే నిషేధించారు. పొలం పని చేయలేని ముసలివాళ్లు, పిల్లలు, వికలాంగులు కూడా అందులో చిక్కుకున్నారు. పని గంటలు కుదిస్తే సరిపోయేదానికి పనే ఆపేశారని సుప్రీంకోర్టు కొట్టేసింది. మన ఉత్తర్వుకూ అదే రోగం: సీజను, ఊళ్లు, వ్యవసాయం, అక్కర్లేనివాళ్ల మీద కూడా పడిన నిషేధం. తేడా కూడా చెప్పాలి. బీడీలు చుట్టినవాళ్లు పరాయి చేనులోకి దిగలేదు.

(ఆ) గుమిగూడటం 19(1)(బి). దాన్ని ఆపడానికి 19(3) ఒప్పుకునేవి దేశ సార్వభౌమత్వం, సమగ్రత, పబ్లిక్ ఆర్డర్ మాత్రమే. మొలకలు తొక్కడం వీటిలోకి రాదు. ఒక తగాదా, రెండు దెబ్బలు, ఒక కేసు లా అండ్ ఆర్డర్ సంగతి. రామ్ మనోహర్ లోహియా 1966 కేసులో జస్టిస్ హిదాయతుల్లా చెప్పిన మూడు వలయాలు గుర్తు చేసుకోండి. ఐదుగురు నాట్లేసే ఆడవాళ్లు కూడా ఈ ఉత్తర్వు ప్రకారం నేరస్థులే. ఇది పోవాలి.

(ఇ) వ్యాపారం 19(1)(జి), 19(6). గనుల చట్టం కింద ఆ రాయి ఎవరిదన్నది వేరే గొడవ, అందులోకి వెళ్లి టైము పోగొట్టుకోవద్దు. పిడుగుకూ మొలకలు తొక్కడానికీ, అమ్మకాన్ని ఆపడానికీ మధ్య లింకు ఏమిటో ప్రభుత్వం చూపాలి. హక్కుకు దెబ్బ తగిలిందని తేలాక దాన్ని సమర్థించుకునే బరువు ప్రభుత్వం మీదే ఉంటుందని సగీర్ అహ్మద్ కేసు. కొనేవాడు లేకపోతే వెతికేవాడూ రాడని ప్రభుత్వం వాదించవచ్చు. తీసిపారేయదగ్గ వాదన కాదు. దీనిమీద ఎటువైపు తేల్చినా కారణం బాగుంటే మార్కులిస్తాను.

(ఈ) అన్నిటికన్నా తేలిగ్గా పోయేది ఇదే, కానీ ఎక్కువమంది తప్పేదీ ఇక్కడే. 'ప్రజాప్రయోజనం కోసం' అని రాస్తారు. 19(2)లో ఆ కారణమే లేదు. వ్యాపారాన్ని ఆపగల కారణంతో మాటను ఆపలేరని సకల్ పేపర్స్ కేసు నుంచీ చెప్తున్నారు. 19(2) జాబితాకు బయట కొత్త కారణాలు చేర్చలేమని 2023లో కౌశల్ కిశోర్ కేసులో మళ్లీ చెప్పారు. ఇక మిగిలింది పబ్లిక్ ఆర్డర్. వీడియో చూసి జనం రావచ్చు. రంగరాజన్ కేసు అడిగింది మందుగుండులో పడిన నిప్పురవ్వ లాంటి దగ్గరి సంబంధం. బస్సెక్కి వచ్చే జనం అంత దగ్గర కాదు.

ఆ ఒక్క వాక్యం కారణం సంగతి: ఆంక్షతో పాటు దాన్ని విధించిన పద్ధతి కూడా సహేతుకంగా ఉండాలని 1950లోనే ఖరే కేసు. 144 ఉత్తర్వుల్లో ముఖ్యమైన వాస్తవాలు రాయాలని, వాటిని ప్రచురించాలని 2020లో అనూరాధా భసీన్ కేసు. 144 స్థానంలో వచ్చిందే 163.

వి.జి. రో కేసులో పతంజలి శాస్త్రి చెప్పిన పరీక్షో, మోడరన్ డెంటల్ కాలేజీ కేసులోని నాలుగంచెల ప్రపోర్షనాలిటీయో, ఒకటి ఎంచుకుని వాస్తవాల మీద నడపండి. రెండూ వరుసగా అప్పజెప్తే చదవడానికి నాకే విసుగు.

రెండో ప్రశ్న చిన్నదే. ఆయుధాలు లేకుండా చేరే హక్కునే 19(1)(బి) ఇచ్చింది, కాబట్టి ఇనుప రింగుల కర్ర అసలు ఆ హక్కులోకే రాదు. 25 మత స్వేచ్ఛను ఇస్తూనే పబ్లిక్ ఆర్డర్, నైతికత, ఆరోగ్యాలకు లోబడి అంటుంది. ఉత్సవాన్నే ఆపి ఉంటే వాదన గట్టిగా ఉండేది, ఇక్కడ ఆపింది ఇనుమును. మద్యం వ్యాపారం ప్రాథమిక హక్కు కాదని ఖోడే డిస్టిలరీస్ కేసు తేల్చింది, షాపు యజమానికి రెండు వాక్యాలు చాలు. పిల్లల సంగతిలో 'ఆచారం' అని రాసినవాళ్లు, పదేళ్ల పిల్లాడి తల మీద కర్ర పడితే ఏమవుతుందో ఒకసారి ఆలోచించి రాసుండాల్సింది.

మూడులో (అ)కు, వీధి వ్యాపారం 19(1)(జి) కిందికి వస్తుందని సోదన్ సింగ్ కేసు. ట్రాఫిక్ కోసం ఆంక్ష పెట్టవచ్చు, అయితే అది చట్టం ద్వారా రావాలి. 'సార్ చెప్పారు' చట్టం కాదు. సర్వే పూర్తయ్యేదాకా తొలగించకూడదన్న 2014 వీధి వ్యాపారుల చట్టం సంగతి రాస్తే ఇంకో మార్కు. (ఆ)కు హిమత్‌లాల్ షా కేసు: వీధిలో సభను నియంత్రించవచ్చు, అధికారికి దారీతెన్నూ లేని అధికారం ఇవ్వకూడదు. రోడ్ల మీద సభలపై మన రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన జీవో 1ను హైకోర్టు 2023 మేలో కొట్టేసిన సంగతి పేపర్లలో చదివినవాళ్లు ఇక్కడ వాడుకోవచ్చు.

నాలుగుకు ఒకే సరైన జవాబు లేదు. సవరణ పబ్లిక్ ఆర్డర్, విదేశాలతో స్నేహ సంబంధాలు, నేరానికి ప్రేరేపించడం అనే కొత్త కారణాలు చేర్చి ప్రభుత్వం చేయి పెంచింది. 'సహేతుక' అన్న షరతు పెట్టి, ఆ చేతిని కొలిచే పని కోర్టుకిచ్చింది. అంతకుముందు 19(2)లో ఆ షరతు లేదు. ఒక వైపే రాస్తే 5 మార్కులు దాటవు. రమేశ్ థాపర్ గెలిచాకే ఈ సవరణ ఎందుకు అవసరమైందో వివరించినవాళ్లకు ఆ పైన. దిద్దిన పేపర్లు వచ్చే శుక్రవారం క్లాసులో ఇస్తాను, మొదటి ప్రశ్న (ఇ)లో నాతో విభేదించేవాళ్లు సిద్ధమై రండి.