ప్రాజెక్టు చార్టర్: మిర్చి లాట్లకు బార్‌కోడ్ ట్యాగులు
గుంటూరు కోల్డ్ స్టోరేజీ, 1, 2 ఛాంబర్లు. 12 అక్టోబర్ 2026

ఎందుకు
లాటు ఏ అంతస్తులో, ఏ వరసలో ఉందో దింపిన రోజే రిజిస్టర్‌లో రాస్తాం. తర్వాత టిక్కీలు జరిపితే ఆ మార్పు రిజిస్టర్‌కు ఎక్కదు. ఇది రాసేవాళ్ల తప్పు కాదు, జరిపిన సంగతి వాళ్లకు చేరే దారే లేదు. లాటు వెతికినంతసేపూ తలుపు తెరిచే ఉంటుంది. బయటి వేడి గాలి చల్లటి టిక్కీలకు తగిలి చెమ్మ పడుతుంది. కాయ రంగు దిగుతుంది, బూజు పడుతుంది. 2026 జూన్‌లో టైము రాసిన 60 డెలివరీల్లో వెతకడానికే సగటున 48 నిమిషాలు పట్టింది.

లక్ష్యం
2027 ఫిబ్రవరి 1 నుంచి వచ్చే ప్రతి లాటుకూ కాటా దగ్గరే ట్యాగు పడాలి. జూన్ నెలాఖరుకు వెతికే సమయం సగటున 15 నిమిషాలకు తగ్గాలి.

పరిధి
లాటు ట్యాగులు, వరసలకు నంబరు పలకలు, 4 స్కానర్లు, ప్రింటర్, సాఫ్ట్‌వేర్, శిక్షణ. లాటు రెండు చోట్ల పడితే రెండు ట్యాగులు. గోనె మీద కాగితం స్టిక్కర్ నిలవదు కాబట్టి ప్లాస్టిక్ ట్యాగును పురికొసతో కుట్టాలి.
బిల్లింగు, మిగతా ఛాంబర్లు, కూలింగ్ మరమ్మతులు ఇందులో లేవు. రైతు రసీదు నమూనా మారదు; దాని మీద బ్యాంకులు అప్పులిస్తున్నాయి. వీటిలో ఏది చేర్చాలన్నా స్పాన్సర్ మళ్లీ సంతకం పెట్టాలి.

ఎవరి బాధ్యత ఏమిటి
మేనేజింగ్ పార్టనర్ స్పాన్సర్. ఆఫీసు మేనేజర్ ప్రాజెక్టు నడుపుతారు. ఒక్కో కొనుగోలుకు రూ.25,000 వరకు సొంతంగా ఖర్చు పెట్టవచ్చు. టిక్కీ జరిపినప్పుడల్లా స్కాన్ చేయించేది ఛాంబర్ సూపర్‌వైజర్. హమాలీ ముఠా మేస్త్రీ ఒప్పుకోకపోతే ఈ పని నిలబడదు: టిక్కీ లెక్కన కూలి తీసుకునేవాళ్లకు స్కానింగ్ ఉత్త ఆలస్యమే. అందుకే జరిపిన ప్రతి టిక్కీకి అదనంగా రూపాయి. కమీషన్ ఏజెంట్లకు, రైతులకు జనవరిలోనే చెబుతాం.

గెలుపు కొలతలు
జూన్ 1–30 మధ్య 60 డెలివరీలకు, గేట్ పాస్ ఇచ్చినప్పటి నుంచి మొదటి టిక్కీ బయటికి వచ్చేదాకా టైము రాయాలి: సగటు 15 నిమిషాలు, ఏదీ 30 దాటకూడదు. పాత 48 కూడా ఇలాగే కొలిచింది. జూన్ 15న అకౌంటెంట్ తనకు తోచిన 100 లాట్లు ఎంచుకుంటారు. కనీసం 98 చెప్పిన చోటే దొరకాలి. ప్రాజెక్టు మనుషులు ఎంచకూడదు.

ఖర్చు
రూ.6,80,000: సాఫ్ట్‌వేర్, శిక్షణ 2,40,000, స్కానర్లు 1,40,000, ప్రింటర్ 60,000, ట్యాగులు, పలకలు 1,20,000, అదనపు కూలి 70,000, అత్యవసరానికి 50,000.

ఆపే షరతు
జనవరి 15న 500 టిక్కీలతో ట్రయల్. లారీ దింపడానికి మామూలు కంటే 10 నిమిషాలు మించి ఆలస్యమైతే ఈ సీజన్‌కు మొదలుపెట్టం. మొదలైతే మార్చి 15 దాకా రిజిస్టర్ కూడా నడుస్తుంది.

పై పరిధికి, ఖర్చుకు, ఆపే షరతుకు సమ్మతిస్తూ సంతకం: మేనేజింగ్ పార్టనర్, స్పాన్సర్