ముప్పై ఇటుకలు

రెండు బర్లు, ఒక దుడ్డె. వానలు పడేలోపు వాటికి కొట్టం కట్టాలని తాత పట్టు. పాత పందిరి కర్రలకు చెదలు పట్టాయి.

ఎనుక గోడ 20 ఫీట్లు, పక్క గోడ 10 ఫీట్లు. ఎత్తు నాలుగే. ఆపైన గాలాడాలి కాబట్టి స్తంభాలు, రేకులు. ఇటుకలు ఎన్ని చెప్పాలో రాత్రికల్లా ఫోన్ చేయాలి. ఆరో తరగతి చదివే శ్రావణి నోట్‌బుక్ తీసి 20 ఫీట్లను ఇంచులు చేసి, ఇటుక పొడుగు తొమ్మిదించులతో భాగిస్తోంది. ఇరవై ఆరు పోయి ఇంకా మిగిలింది. పెన్సిల్ నోట్లో పెట్టుకుంది.

"గంత ఎందుకే? చెయ్యి చూపియ్యి" అన్నాడు తాత. పాలమూరు నుంచి బొంబాయికి సుతారి పనికి పోయి, చదువు లేకుండానే అంతస్తుల లెక్కలు వేసిన మనిషి. "ఫీటు పొడుగు, ఫీటు ఎత్తు. నాలుగున్నరించుల గోడకు ఒక చెయ్యి, ఐదు ఇటుకలు. తొమ్మిదించులకు రెండు చేతులు, పది."

ఆమె నమ్మలేదు. వాకిట్లో పాత ఇటుకలు తెచ్చి మూడు ఫీట్ల పొడుగు, ఫీటు ఎత్తు పేర్చింది. వరసకు నాలుగు, నాలుగు వరసలు.

"పదహారు! నీ లెక్కకు పదిహేనే రావాలె."

"మాలు ఏది?" తాత తాపీతో రెండు ఇటుకల మధ్య సందు చూపించాడు. "అర ఇంచు మాలు పడితే పదిహేను గూడ పట్టవు. మిగిలినయి పగుళ్లకు. ట్రాక్టర్ దించేటప్పుడు చూస్తవు గద, ఎన్ని తుక్కయితయో."

"మరి నాలుగున్నర గోడ చాలదా? సగం ఖర్చు."

"బర్రె వీపు రుద్దుకుంటే రెండు నెలలకు ఊగుతది."

శ్రావణి ఇరవై, పది కలిపింది. ముప్పైని నాలుగుతో గుణించింది. 120. పక్కన సున్నా పెట్టింది, 1200. ఇంతేనా అన్నట్టు నోట్‌బుక్ కేసి చూసింది. తర్వాత కొట్టం స్థలంలో కొట్టిన మేకుల దగ్గరికి పోయి దారం పట్టుకుని నిలబడింది.

"తాతా, మూల నుంచి రెండు దిక్కులా కొలిచినవ్. మూలను రెండుసార్లు లెక్కపెట్టినట్టే గద?"

తాత బీడీ వెలిగించబోయి ఆగాడు.

"ముప్పావు ఫీటు, నాలుగు ఫీట్ల ఎత్తు... మూడు. దానికి ముప్పై ఇటుకలు ఎక్కువ."

"ఎక్కువే" అన్నాడు నవ్వుతూ. ఫోన్‌లో మాత్రం 1200 అనే చెప్పాడు. పెట్టేశాక ఆమె ముఖం చూసి, వాకిట్లో ఒరిగిపోయి ఉన్న కుడితి గోలెం వైపు గడ్డం ఎత్తాడు.

"దానికింద గద్దె కట్టాలె. అది నువ్వు కడతవు."